వీకెండ్ కేక్ ఆర్డర్లకు వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ మెసేజ్: రాయడం నుంచి పంపడం దాకా

ఇంట్లో కేకులు చేసి అమ్మేవాళ్లు గుంటూరులో ఇప్పుడు దాదాపు ప్రతి పేటలోనూ ఉన్నారు. వాళ్లలో చాలామంది నన్ను అడిగేది ఒకటే: "మెసేజ్ అందరికీ పెడుతున్నాను, ఆర్డర్లు మాత్రం రావడం లేదు, ఏం రాయాలి?" వాళ్లు పంపిన మెసేజ్‌లు చూస్తే కేకు ఫొటో బాగుంటుంది, పలకరింపూ బాగుంటుంది. రేటు మాత్రం ఉండదు, ఎప్పటిలోపు చెప్పాలో ఉండదు, ఎక్కడికి వచ్చి తీసుకోవాలో ఉండదు. చదివినామె ఆర్డర్ ఇవ్వాలంటే ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. ఇంటి పనిలో ఉన్న మనిషికి అంత తీరిక ఎక్కడిది? "తర్వాత అడుగుదాంలే" అనుకుంటుంది, అంతటితో మర్చిపోతుంది.

అందుకే నేను మెసేజ్‌ను ఒకే కొలతతో చూస్తాను. చదివిన మనిషి తిరిగి ఏమీ అడగకుండా, ఒక్క జవాబుతో ఆర్డర్ ఇవ్వగలగాలి. కింద చెప్పేదంతా దాని కోసమే. ఉదాహరణకు బ్రాడీపేటలో ఇంటి నుంచి కేకులు చేసే ఒకామెను ఊహించుకుందాం. ఆమెకు ఒక ఓటీజీ, ఒక మామూలు డబుల్ డోర్ ఫ్రిజ్ ఉన్నాయి, సాయంగా ఇంట్లో ఒకరున్నారు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- వాట్సాప్ బిజినెస్ యాప్. మామూలు వాట్సాప్‌తో కూడా పని జరుగుతుంది కానీ, ఇందులో లేబుళ్లు, రెడీ జవాబులు ఉంటాయి. ప్లే స్టోర్‌లోనో యాప్ స్టోర్‌లోనో దొరికే అసలు యాప్ మాత్రమే వాడండి. ఎక్కువమందికి పంపొచ్చని చెప్పి బయట ఇచ్చే డూప్లికేట్ యాప్‌ల వల్ల నంబరే బ్యాన్ అవుతుంది.
- మీ దగ్గర ఇంతకుముందు కొన్నవాళ్ల నంబర్లు, మీ ఫోన్‌లో పేర్లతో సేవ్ చేసినవి.
- మీరే చేసిన కేకు ఫొటో ఒకటి, పగటి వెలుతురులో తీసింది.
- అడ్వాన్స్ తీసుకోవడానికి యూపీఐ నంబర్.
- ఒక నోటు పుస్తకం.

ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఉంటే ఆ 14 అంకెల నంబర్‌ను బిజినెస్ ప్రొఫైల్‌లో పెట్టండి. ప్రతి మెసేజ్‌లోనూ రాయక్కర్లేదు, అడిగినవాళ్లకు చూపించడానికి ఉంటే చాలు.

1. ఈ వారం ఎన్ని కేకులు చేయగలరో ముందు లెక్క వేసుకోండి

మెసేజ్ రాయడానికి కూర్చునే ముందే ఈ పని అయిపోవాలి. ఓటీజీలో ఒకసారికి ఒక కిలో స్పాంజి పడుతుంది. ఫ్రిజ్‌లో ఇంటి సామాను సర్దేశాక నాలుగు కేకు డబ్బాలకు చోటు మిగులుతుంది. అంటే శనివారానికి నాలుగు, ఆదివారానికి నాలుగు, మొత్తం ఎనిమిది. ఓవెన్ ఇంకా చేయగలదనిపించినా ఫ్రిజ్ ఒప్పుకోదు. గుంటూరు ఎండలో క్రీమ్ కేకును బయట పెట్టలేం కాబట్టి ఫ్రిజ్ లెక్కే అసలు లెక్క.

ఫ్లేవర్లు మూడు చాలు. వెనిలా స్పాంజి ఒకటి చేస్తే పైనాపిల్‌కూ బటర్‌స్కాచ్‌కూ సరిపోతుంది. చాక్లెట్ స్పాంజి విడిగా చేసుకుంటే ట్రఫుల్ వస్తుంది. రెండు రకాల స్పాంజితో మూడు కేకులు. పన్నెండు ఫ్లేవర్ల మెనూ పెడితే చదివేవాళ్లు ఎటూ తేల్చుకోలేరు, మీరేమో ఎనిమిది కేకులకు ఎనిమిది రకాల సరుకు కొనాల్సి వస్తుంది.

గుడ్డు సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. మన దగ్గర శనివారం గుడ్డు ముట్టని ఇళ్లు చాలా ఉన్నాయి. శ్రావణంలో, కార్తీకంలో అయితే ఇంకా ఎక్కువ. వీకెండ్ కేకు అంటే సగం శనివారమే కాబట్టి, మొత్తం ఎగ్‌లెస్ పెట్టడమే తేలిక. గుడ్డు కేకులు కూడా చేసేట్టయితే ఏది ఎగ్‌లెస్సో పక్కనే రాయండి. రెంటికీ ఒకే గిన్నెలు, ఒకే బీటర్ వాడుతుంటే, పట్టింపు ఉన్నవాళ్లు అడిగినప్పుడు ఆ మాట దాచకుండా చెప్పండి. వాళ్లకది రుచికి సంబంధించిన విషయం కాదు.

2. గ్రూప్ కాదు, బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ చేయండి

గ్రూప్ పెడితే అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ఒకరు "రేటు ఎక్కువండీ" అంటే మిగతా అందరూ చదువుతారు. బ్రాడ్‌కాస్ట్‌లో మీ మెసేజ్ ఒక్కొక్కరికీ విడిగా, మామూలు చాట్‌లో వచ్చినట్టే వస్తుంది. వాళ్ల జవాబు మీకొక్కరికే వస్తుంది.

యాప్ మెనూలో `New broadcast` నొక్కి, పేర్లు ఎంచుకుని, లిస్ట్‌కు ఒక పేరు పెట్టండి. ఒక లిస్ట్‌లో 256 మంది వరకు పడతారు. అన్ని నంబర్లూ ఒకేచోట పోయకుండా, డెలివరీ ఇవ్వగల పేటలవాళ్లను ఒక లిస్ట్‌లో, దూరంవాళ్లను ఇంకో లిస్ట్‌లో పెట్టుకుంటే బాగుంటుంది. గోరంట్లలో ఉన్నామెకు "బ్రాడీపేట, అరండల్‌పేటలో ఇంటికి తెచ్చిస్తాం" అన్న లైను వల్ల ఉపయోగం లేదు. ఆమెకు ఎక్కడికి రావాలో చెప్పాలి.

చాలామందికి తెలియని సంగతి ఇక్కడే ఉంది. మీ నంబర్‌ను తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే బ్రాడ్‌కాస్ట్ అందుతుంది. మీరు వాళ్ల నంబర్ సేవ్ చేసుకుంటే సరిపోదు. లిస్ట్‌లో 150 పేర్లున్నా, 60 మంది మాత్రమే మిమ్మల్ని సేవ్ చేసుకుని ఉంటే మెసేజ్ చేరేది ఆ 60 మందికే. మిగతావాళ్లు చదివి ఊరుకున్నారనుకుని మీరు బాధపడుతుంటారు, వాళ్లకు అసలు మెసేజే వెళ్లలేదు.

కేకు చేతికి ఇచ్చేటప్పుడే "మా నంబర్ సేవ్ చేసుకోండి, వచ్చే వారం ఏం చేస్తున్నామో మెసేజ్ పెడతాను, పెట్టమంటారా?" అని అడగండి. నంబర్ సేవ్ అవుతుంది, పంపడానికి అనుమతీ దొరుకుతుంది. డబ్బా మీద చిన్న స్టిక్కర్ వేసినా సరే. అపార్ట్‌మెంట్ గ్రూపుల్లోంచో స్కూల్ గ్రూపుల్లోంచో నంబర్లు ఏరుకుని లిస్ట్‌లో పడేయకండి. పరిచయం లేని నంబర్ నుంచి అమ్మకం మెసేజ్ వస్తే జనం బ్లాక్ చేస్తారు, రిపోర్ట్ కొడతారు. రిపోర్టులు ఎక్కువైతే వాట్సాప్ నంబర్‌నే ఆపేస్తుంది.

3. మెసేజ్ రాయండి

నాకు ఎక్కువగా కనిపించే తరహా ఇది:

```
హాయ్ ఫ్రెండ్స్!!! 🎂🎂😍😍
ఈ వీకెండ్ మీ కోసం ఫ్రెష్, టేస్టీ, హోమ్‌మేడ్ కేక్స్!!!
అన్ని ఫ్లేవర్స్ అవైలబుల్. లిమిటెడ్ స్టాక్!!
రేట్ల కోసం మెసేజ్ చేయండి 🙏🙏
```

దీన్ని చదివి ఎవరైనా చేయగలిగింది "రేటెంత?" అని అడగడమే. అది కూడా అడిగే ఓపిక ఉంటే. అదే ఆమె, అవే కేకులు, ఇలా రాస్తే చూడండి:

```
నమస్తే అండీ, 14 శని, 15 ఆదివారాలకి కేక్ ఆర్డర్లు తీసుకుంటున్నాను 🎂
మొత్తం 8 కేకులు. అన్నీ ఎగ్‌లెస్.

*అర కిలో / కిలో (రూ.)*
పైనాపిల్: 400 / 750
బటర్‌స్కాచ్: 450 / 800
చాక్లెట్ ట్రఫుల్: 500 / 950

*13 శుక్రవారం మధ్యాహ్నం 12 లోపు* చెప్పండి.
సగం అడ్వాన్స్ అందాక ఆర్డర్ ఖాయం.

బ్రాడీపేటలో మా ఇంటి దగ్గర తీసుకోవచ్చు: ఉదయం 9-11, సాయంత్రం 5-8.
బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం అయితే ఇంటికి తెచ్చిస్తాం, 50 రూ.

కావాలంటే *రోజు, ఫ్లేవర్, బరువు* రాసి పంపండి.
ఉదా: ఆదివారం, బటర్‌స్కాచ్, అర కిలో

ఈ మెసేజ్‌లు వద్దనుకుంటే 'వద్దు' అని పెట్టండి, ఇక పంపను.
```

రేట్లు ఉదాహరణకు వేసినవి. మీ సరుకు, మీ శ్రమ చూసుకుని మీ రేట్లు వేసుకోండి. ఒక్కో లైను ఎందుకు అలా ఉందో చెబుతాను.

మొదటి లైనులోనే విషయం ఉంది. ఫోన్ తెరవకముందు నోటిఫికేషన్‌లో కనిపించేది ఆ కాస్తే. అక్కడ "హాయ్ హాయ్ గుడ్ ఈవినింగ్" అని ఉంటే తర్వాత చూద్దాంలే అనుకుంటారు. తేదీలు తప్పకుండా వేయండి. కొందరు మెసేజ్‌ను నాలుగు రోజుల తర్వాత తెరుస్తారు. "ఈ శనివారం" అని మాత్రమే ఉంటే అది ఏ శనివారమో వాళ్లకు అర్థం కాదు.

"ఫ్రెండ్స్", "డియర్ ఆల్", "అందరికీ" లాంటివి వద్దు. బ్రాడ్‌కాస్ట్ చేరేది ఒక్క మనిషి చాట్‌లోకి, ఇంతకుముందు మీరిద్దరూ మాట్లాడుకున్న మాటల కిందికి. అక్కడ "అందరికీ" అనగానే ఇది పదిమందికి పంపిన ప్రకటన అని తెలిసిపోతుంది. "నమస్తే అండీ" అంటే పెద్దవాళ్లకూ పిల్లల తల్లులకూ అందరికీ సరిపోతుంది. అక్కా, ఆంటీ అనే పిలుపులు జవాబు ఇచ్చేటప్పుడు వాడుకోండి. బ్రాడ్‌కాస్ట్‌లో "అక్కా" అని రాస్తే లిస్ట్‌లో ఉన్న అన్నయ్యలకు కూడా అదే వెళ్తుంది.

"మొత్తం 8 కేకులు" అన్నది నిజమైన అంకె. "లిమిటెడ్ స్టాక్, త్వరపడండి" కంటే అదే బాగా పని చేస్తుంది. పైగా తొమ్మిదో ఆర్డర్ వచ్చినప్పుడు కాదని చెప్పడానికి మీకు మొహమాటం ఉండదు.

శుక్రవారం మధ్యాహ్నం గడువు ఎందుకంటే, ఆ తర్వాత మీరు బజారుకు వెళ్లి క్రీమ్, పైనాపిల్ తెచ్చుకోవాలి. ఆ రాత్రి స్పాంజి కాల్చి, చల్లారనిచ్చి, శనివారం పొద్దున ఐసింగ్ చేయాలి. గడువును శుక్రవారం రాత్రికి జరిపితే ఒక్క ఆర్డర్ కోసం మళ్లీ బజారుకు పరుగెత్తాల్సి వస్తుంది.

తీసుకెళ్లే టైములు ఉదయం 11కే ఆగి, మళ్లీ సాయంత్రం 5కి మొదలయ్యాయి. ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం స్కూటర్ మీద క్రీమ్ కేకు లాడ్జి సెంటర్ దాటేలోపే అంచులు జారిపోతాయి. అప్పుడు మాట పడేది కేకు చేసినవాళ్లే. చలికాలంలో ఈ టైముల్ని సడలించుకోవచ్చు.

"వద్దు" లైను పెట్టడానికి చాలామంది భయపడతారు. నా అనుభవంలో దాని వల్ల నష్టం లేదు. కొనని మనిషి మర్యాదగా తప్పుకునే దారి అది. లేకపోతే మిగిలేది బ్లాక్ బటనే. ఎవరైనా "వద్దు" అంటే అదే రోజు లిస్ట్‌లోంచి తీసేయండి.

ఇక రాతలో చిన్న విషయాలు. అక్షరాలు లావుగా కనిపించాలంటే మాటకు రెండు పక్కలా స్టార్ గుర్తు పెట్టాలి, స్టార్‌కూ అక్షరానికీ మధ్య ఖాళీ ఉండకూడదు. తెలుగులో వచ్చే చిక్కు ఒకటుంది: `*శుక్రవారం*లోపు` అని రాస్తే స్టార్ వెంటనే అక్షరం తగలడంతో లావు రాక, స్టార్లే కనిపించవచ్చు. మాట మొత్తాన్నీ స్టార్ల మధ్య పెట్టి, ఆ తర్వాత ఖాళీ వదలండి. రెండు మూడు చోట్ల లావు చాలు, మెసేజంతా లావైతే దేని మీదా కన్ను ఆగదు. ఎమోజీ ఒకటి చాలు.

4. ఫొటో ఒకటే, రేట్లు మాత్రం అక్షరాల్లో

ఫొటో జోడించి దాని కిందే మెసేజ్ రాస్తే రెండూ కలిసి వెళ్తాయి. ఈ వారం ఇచ్చే మూడింట్లో ఒకదాని ఫొటో పెట్టండి. నెట్‌లో దొరికిన ఫొటో వద్దు. అందులో ఉన్న పూలు, బంగారు రంగు ముత్యాలు చూసి "అలాగే చేయండి" అంటారు. అది చూపించి 750కి ఇంకొకటి ఇస్తే మోసం చేసినట్టే.

రేట్లన్నీ రంగుల పోస్టర్‌లో వేసి, ఆ బొమ్మ ఒక్కటే పంపడం ఈ మధ్య ఎక్కువైంది. డేటా ఆదా కోసం ఫొటోలు తమంతట తాము డౌన్‌లోడ్ కాకుండా పెట్టుకున్నవాళ్లకు అది మసకగానే కనిపిస్తుంది. పెద్దవాళ్లు ఆ చిన్న అక్షరాలు చదవలేరు. నాలుగు రోజుల తర్వాత చాట్‌లో "పైనాపిల్" అని వెతికినా దొరకదు. పోస్టర్ కావాలంటే స్టేటస్‌లో పెట్టుకోండి.

5. పంపే ముందు ఇంట్లోవాళ్ల ఫోన్‌కు పంపి చూడండి

ఆ ఫోన్‌లో మూడు చూడాలి. మెసేజ్ ఎక్కడ తెగి `Read more` వస్తోంది? రేట్లూ గడువూ ఆ గీతకు పైనే ఉన్నాయా? స్టార్లు లావు అక్షరాలుగా మారాయా? కింద పడిపోతున్నవి ఉంటే మాటలు తగ్గించండి. ముందు తగ్గించాల్సింది "ఫ్రెష్, టేస్టీ, ప్రేమతో చేసిన" లాంటి విశేషణాల్ని. ఆ మాటలు మీ కేకు తిన్నవాళ్లు చెప్పాలి.

తర్వాత ఆ ఇంట్లోవాళ్లనే "చాక్లెట్ కేకు కిలో ఎంత? ఎప్పటిలోపు చెప్పాలి?" అని అడగండి. వెతుక్కుంటే మెసేజ్ ఇంకా సరిగా లేనట్టే.

6. బుధవారం సాయంత్రం పంపండి

రాత్రి 7, 8 మధ్య బాగుంటుంది. సోమవారం పంపితే శనివారం ఏముందో వాళ్లకే తెలియదు. శుక్రవారం పొద్దున పంపితే మీకు టైము చాలదు. వారానికి ఒక్కసారే పంపండి. "ఇంకా రెండు కేకులు మిగిలాయి" అన్న రెండో మెసేజ్‌ను లిస్ట్ మొత్తానికి పంపొద్దు. దాన్ని స్టేటస్‌లో పెట్టండి, లేదంటే బుధవారం అడిగి ఏమీ తేల్చని ఇద్దరు ముగ్గురికి విడిగా పంపండి.

7. జవాబులు వచ్చాక

బిజినెస్ యాప్‌లో రెడీ జవాబు ఒకటి సేవ్ చేసుకుని, `/adv` లాంటి షార్ట్‌కట్ పెట్టుకోండి. అందులో ఇలా ఉండొచ్చు:

```
ధన్యవాదాలండీ. మీ ఆర్డర్: [రోజు, ఫ్లేవర్, బరువు]. మొత్తం [..] రూ.
అడ్వాన్స్ [..] రూ. ఈ నంబర్‌కు పంపండి. పేరు [..] అని వస్తుంది.
కేకు మీద ఏం రాయాలో అక్షరం తప్పు లేకుండా టైప్ చేసి పంపండి.
```

యూపీఐలో కనిపించే పేరు చాలాసార్లు భర్తదో అత్తగారిదో అయి ఉంటుంది. అది ముందే చెప్పకపోతే డబ్బు పంపేవాళ్లు అనుమానపడి ఆగిపోతారు.

కేకు మీద పేరును ఫోన్‌లో విని రాయొద్దు. సాయి అన్న ఒక్క పేరునే ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగు రకాలుగా రాస్తారు. పుట్టినరోజు పిల్లాడి పేరు తప్పు పడితే ఆ కేకు ఎంత బాగున్నా లాభం లేదు. వాళ్లు టైప్ చేసిన దాన్నే చూసి రాయండి.

అడ్వాన్స్ పంపామని స్క్రీన్‌షాట్ పెడితే దాన్నే నమ్మకండి. మీ బ్యాంకు యాప్‌లో డబ్బు పడిందో లేదో చూసుకోండి. పడ్డాక లేబుల్‌ను `Pending payment` నుంచి `Paid`కు మార్చి, నోటు పుస్తకంలో ఎనిమిది కేకులకు గీసుకున్న గళ్లలో ఎక్కించండి. ఆ ఎనిమిది గళ్లూ నిండితే ఆ వారానికి అంతే. తర్వాత అడిగినవాళ్లకు: "ఈ వారం ఆర్డర్లు నిండిపోయాయండీ. వచ్చే బుధవారం మెసేజ్ పెట్టగానే చెప్పండి, మీకే ముందు." ఇలా చెప్పాక వచ్చే వారం వాళ్లను నిజంగానే ముందు చూడాలి.

8. పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది

గురువారం ఉదయం బ్రాడ్‌కాస్ట్‌లో మీరు పంపిన మెసేజ్‌ను నొక్కి పట్టుకుని సమాచారం తెరవండి. ఎవరికి చేరింది, ఎవరు చదివారు అన్న పేర్లు కనిపిస్తాయి. చదివినట్టు చూపించే సెట్టింగ్ ఆపేసుకున్నవాళ్లు చదివినా ఆ జాబితాలోకి రారు, కాబట్టి మీరు చూడాల్సింది ముఖ్యంగా చేరిందా లేదా అన్నది.

రెండు మూడు వారాలుగా ఒకరికి చేరడమే లేదనుకోండి. వాళ్లకు విడిగా ఒక మాట పంపండి, "కిందటి కేకు బాగుందా అండీ?" అని. అది చేరి బ్రాడ్‌కాస్ట్ మాత్రం చేరకపోతే, వాళ్లు మీ నంబర్ సేవ్ చేసుకోలేదని అర్థం. సేవ్ చేసుకోమని అడగండి. విడిగా పంపినదానికి కూడా రోజుల తరబడి ఒకే టిక్ ఉంటే వాళ్లు నంబర్ మార్చి ఉండొచ్చు, లేదా మిమ్మల్ని బ్లాక్ చేసి ఉండొచ్చు. ఆ పేరును లిస్ట్‌లోంచి తీసేయండి, ఫోన్ చేసి ఎందుకని అడగొద్దు.

చేరింది, చదివారు, కానీ ఎవరూ అడగలేదంటే ఫ్లేవర్లో రేటో వాళ్లకు నచ్చలేదు. వచ్చే వారం ఒకటే మార్చి చూడండి, రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు. చాలామంది అడిగి, ఆర్డర్ మాత్రం ఇవ్వకుండా ఆగిపోతే, వాళ్లు అడిగిన ప్రశ్నల్ని నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఐదుగురు "అడ్వాన్స్ ఇచ్చాక క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా?" అని అడిగి ఉంటే, వచ్చే బుధవారం మెసేజ్‌లో ఆ లైను చేరాలి: "శుక్రవారం 12 లోపు వద్దంటే అడ్వాన్స్ మొత్తం వెనక్కి." దాని కోసం ఎమోజీ తీసేయాల్సి వచ్చినా తీసేయండి.